పులిహోర మరక పడిన ఊలు స్వెట్టర్: ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో డ్రై క్లీనింగ్ దుకాణం నడిపేవారికి జనవరి నెలలో ఎక్కువగా వచ్చేవి ఊలు బట్టలే. వాటి మీద మరకల్లో కష్టమైనవి రెండు రకాలు. ఒకటి పసుపు కలిసిన నూనె మరక. రెండవది ఇంట్లో ఎవరో సబ్బు పెట్టి రుద్దిన తరువాత మా దగ్గరకు వచ్చే మరక. ఇక్కడ వివరించబోయే స్వెట్టర్ మీద ఆ రెండూ ఒకేచోట ఉన్నాయి. మరకను తీయడం ఎంత ముఖ్యమో, తీసే క్రమంలో ఊలు అట్టకట్టకుండా, సాగకుండా, కుంచించుకుపోకుండా చూడడం అంతకంటే ముఖ్యం. అందువల్ల ఏ పని ముందు చేశాము, ఏది వెనక చేశాము, ఎక్కడ ఆపాము అన్నది పూర్తిగా రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

అది చేత్తో అల్లిన మీగడ రంగు ఫుల్ స్వెట్టర్. గుండీలు లేవు, తలమీదుగా తొడుక్కునే రకం. ఎడమవైపు ఛాతీ కింద అరచేయంత మేర ఇటుక రంగులోకి తిరిగిన మచ్చ ఉంది. దాని చుట్టూ పసుపు అంచు, ఆ అంచు దాటి మరో రెండు వేళ్ళ వెడల్పున నూనె పాకిన జాడ కనిపించాయి. తెచ్చినావిడ జరిగినదంతా దాచకుండా చెప్పారు. బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర పులిహోర మీద పడింది. వెంటనే టిష్యూ కాగితంతో తుడిచారు. రాత్రి ఇంటికి వచ్చాక బట్టల సబ్బు బిళ్ళ రాసి, పాత టూత్‌బ్రష్‌తో కొద్దిగా రుద్దారు.

"సబ్బు తగలగానే పసుపు కాస్తా ఎర్రగా అయిపోయిందండీ. ఊలు రంగేమైనా దిగుతోందేమోనని భయపడి ఆపేశాను" అన్నారు.

ఆపేయడమే ఆ స్వెట్టర్‌ను కాపాడింది. ఎర్రబడినది ఊలు కాదు, పసుపు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం ఆమ్లంలోనూ తటస్థమైన నీటిలోనూ పసుపుపచ్చగానే ఉంటుంది, క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది. పెళ్ళిలో దిష్టి తీయడానికి పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేసి ఎర్రనీళ్ళు కలిపేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. కనుక ఈ స్వెట్టర్ మీది ఎరుపు నాకు ఒక సమాచారం ఇచ్చింది: సబ్బులోని క్షారం ఇంకా పోగుల్లోనే ఉంది. మరక సంగతి అలా ఉంచితే, ఊలుకు చెరుపు చేసేది ఆ క్షారమే.

ఎందుకో కొంచెం వివరించాలి. ఉన్ని పోగు మన వెంట్రుకలాగే కెరాటిన్ అనే ప్రోటీన్. దాని పైభాగాన సన్నని పొలుసులు ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. పోగు తడిసి ఉబ్బినప్పుడు పొలుసులు కాస్త పైకి లేస్తాయి. వేడి, క్షారం తోడైతే ఇంకా లేస్తాయి. ఆ స్థితిలో రుద్దినా పిండినా పోగులు ఒకదానిమీద ఒకటి ఒక దిక్కుకే జారగలుగుతాయి, వెనక్కి రాలేవు. అలా ముందుకు మాత్రమే పాకుతూ చిక్కుపడి దగ్గరకు చేరతాయి. అదే అట్టకట్టడం. కాశ్మీర్‌లో నమ్దా అనే ఉన్ని తివాచీలు తయారు చేసేవారు ఉన్నిని సబ్బునీటితో తడిపి, చుట్టి, దొర్లించి, కాళ్ళతో తొక్కి కావాలనే ఈ పని చేస్తారు. మనం స్వెట్టర్‌కు పొరపాటున చేస్తాము. ఒకసారి అట్టకట్టిన ఊలును మళ్ళీ విడదీసే మందు లేదు. జుట్టుకు రాసే కండిషనర్‌లో నానబెడితే మళ్ళీ సాగుతుందని చాలామంది చెబుతారు. అది కొద్దిగా బిగిసిన అల్లికను వదులు చేసి లాగడానికి సాయపడుతుంది గానీ చిక్కుపడిన పోగులను వేరుచేయదు.

ముందుగా చేసిన పరీక్షలు

మొదట అది నిజంగా ఉన్నేనా అని చూడాలి. మన దుకాణాల్లో ఊలు ఉండల పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం ఆక్రిలిక్. లోపలి కుట్టు దగ్గర వేలాడుతున్న కొస నుంచి చిన్న ముక్క కత్తిరించి, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, మంట తీయగానే ఆరిపోయింది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ళ మధ్య నలిగిపోయింది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఉన్నే అని తేలింది గనుక రెండు వస్తువులు అప్పుడే పక్కకు వెళ్ళాయి. ఒకటి క్లోరిన్ బ్లీచ్. అది ఉన్నిని పసుపుగా మార్చి, గాఢత ఎక్కువైతే కరిగించేస్తుంది. రెండవది ఎంజైములున్న బట్టల పొడి. మాంసకృత్తుల మరకలను తినే ఎంజైము, మాంసకృత్తుతోనే తయారైన ఉన్నిని వదిలిపెట్టదు.

తరువాత బ్రష్ తగిలిన చోటును పరిశీలించాను. అట్టకట్టడం మొదలైందో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. రెండు బొటనవేళ్ళతో అల్లికను అడ్డంగా మెల్లగా తెరవాలి. బాగున్న చోట ప్రతి కుట్టూ విడివిడిగా కనిపించి, మధ్యన వెలుగు దూరుతుంది. అట్టకట్టిన చోట కుట్ల గీతలు నూగులో కలిసిపోయి, లాగినా కుట్టు తెరుచుకోదు. ఇక్కడ మచ్చ మధ్యన రూపాయి బిళ్ళంత చోట నూగు లేచింది, కానీ కుట్లు ఇంకా తెరుచుకుంటున్నాయి. అంటే మొదలైంది, ముదరలేదు. ఈ సంగతి ఆవిడకు అప్పుడే చూపించాను. పని అయ్యాక చూపిస్తే అది మేము చేసిన నష్టంలా కనిపిస్తుంది.

చివరిగా కొలతలు తీసుకున్నాను. బల్లమీద స్వెట్టర్‌ను లాగకుండా పరిచి, చంక కింద అడ్డంగా 48 సెంటీమీటర్లు, భుజం నుంచి కింది అంచు వరకు 62, చేయి 46 అని రాసుకుని, ఖాకీ కాగితం మీద పెన్సిలుతో చుట్టూ గీత గీశాను. ఇంట్లో ఊలు బట్టలు ఉతికేవారికి కూడా ఇంతకంటే పనికొచ్చే అలవాటు లేదని నా అభిప్రాయం. తడిసిన స్వెట్టర్ ఏ ఆకారంలో ఆరబెడితే ఆ ఆకారంలో నిలుస్తుంది. ఏ ఆకారమో గుర్తులేకపోతే చేతికి వచ్చినట్టు పరుస్తాము.

మొదట క్షారం, తరువాత నూనె, చివరికి రంగు

ఇటువంటి మరకకు ఈ క్రమం తప్పకూడదు. క్షారం ఉండగా ఏ ద్రావకం వాడినా ఆ తడిలో ఊలు నలుగుతూనే ఉంటుంది. నూనె ఉండగా రంగును తీయబోతే మందు పోగుదాకా చేరదు.

మచ్చ కింద నాలుగు మడతలు వేసిన తెల్లని నూలు గుడ్డ పెట్టి, స్వెట్టర్‌ను లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి, వెనక నుంచి మామూలు నీటిని చుక్కలుగా వదిలి, పైనుంచి మరో గుడ్డతో అదిమాను. రుద్దలేదు. సబ్బు కొంతవరకు గుడ్డలోకి దిగిన తరువాతే వెనిగర్ నీళ్ళు పెట్టాను. ముందు మామూలు నీళ్ళు వాడడానికి కారణం ఉంది. కొవ్వుతో చేసిన సబ్బు ఉన్నచోట నేరుగా ఆమ్లం పడితే సబ్బు విరిగి, జిడ్డు తిరిగి ఊలుమీదే కూర్చుంటుంది. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల తెల్ల వెనిగర్ కలిపిన నీరు తగలగానే ఇటుక రంగు కళ్ళముందే పసుపుపచ్చకు తిరిగింది. మరక పోయినట్టు కాదు, క్షారం పోయినట్టు. ఎరుపు ఛాయ ఎక్కడ మిగిలి ఉందో అక్కడ ఇంకొంచెం పెట్టి, అంతా సమంగా పసుపు అయ్యేవరకు కొనసాగించాను.

పసుపుకున్న ఈ గుణం ఇళ్ళలో మరో విధంగా ఉపయోగపడుతుంది. ఊలుకు వాడదలచిన ద్రవం క్షారమా కాదా అని తెలియకపోతే, దాన్ని నీటిలో కలిపి, తెల్ల పళ్ళెంలో చిటికెడు పసుపు మీద ఒక చుక్క వేయాలి. ఎర్రబడితే అది ఊలుకు పనికిరాదు. బట్టల సబ్బు బిళ్ళ, బట్టల సోడా ఈ పరీక్షలో వెంటనే పట్టుబడతాయి. డబ్బామీద ఏమి రాసి ఉన్నా నేను ఈ పరీక్షనే నమ్ముతాను.

తరువాత మచ్చను పూర్తిగా ఆరనిచ్చాను. నూనెను కరిగించే పెట్రోలియం ద్రావకం నీటిలో కలవదు గనుక తడి ఊలులోకి అది దిగదు. మా వృత్తిలో ఎం.టి.ఓ. అని పిలిచే మినరల్ టర్పెంటైన్ ద్రావకాన్నే పెట్రోల్ వాష్‌కు వాడతారు. ఆరిన మచ్చ కింద పొడి గుడ్డ వేసి, వెనకవైపు నుంచి దూది ముద్దతో ద్రావకాన్ని అద్దాను. అంచు నుంచి మధ్యకు అద్దుకుంటూ వచ్చాను. మధ్య నుంచి మొదలుపెడితే నూనె వెలుపలికి పాకి వలయం పెద్దదవుతుంది. గుడ్డ మీద జిడ్డు మచ్చ పడడం ఆగేవరకు గుడ్డను జరుపుతూ అదే పని చేశాను. నూనె పోయిందో లేదో తెలియాలంటే ద్రావకం ఆవిరైన తరువాత స్వెట్టర్‌ను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోవాలి. నూనె ఉన్న చోట కుట్లు తడిసినట్టుగా, కొంచెం పారదర్శకంగా కనిపిస్తాయి. ఇక్కడ అలా కనిపించలేదు.

ఈ ద్రావకం మండే పదార్థం. గాలి ఆడే చోట, పొయ్యికి, అగరొత్తికి దూరంగా తప్ప వాడకూడదు. అది తగిలిన బట్టను వాషింగ్ మెషిన్‌లోనో డ్రయ్యర్‌లోనో అసలు వేయకూడదు. ఇంట్లో చేసుకునేవారికి దీనికంటే, పసుపు పరీక్షలో ఎర్రబడని గిన్నెల ద్రవాన్ని చుక్కంత తీసుకుని నీటిలో పలచన చేసి వెనకనుంచి అద్దడం మేలు. ఆలస్యమైనా ప్రమాదం లేదు. ముందు రాత్రి మరక మీద టాల్కం పొడి చల్లి ఉదయం దులిపితే నూనె సగం అక్కడే తగ్గుతుంది.

ఇక మిగిలినది పసుపు రంగు. కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. అందుకని ఎన్నిసార్లు నీటితో ఉతికినా పులిహోర మరక పోదు. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను అదే పద్ధతిలో వెనకనుంచి అద్దితే కింది గుడ్డమీద నిమ్మపండు రంగు దిగసాగింది. రంగు వేసిన స్వెట్టర్ అయితే ముందు లోపలి కుట్టు మీద ఒక చుక్క వేసి తెల్ల గుడ్డతో అదిమి చూడకుండా ఈ పని చేయకూడదు. ఇది రంగు వేయని ఊలు గనుక భయం లేకపోయింది. గుడ్డకు రంగు అంటడం ఆగినప్పుడు నేనూ ఆపాను. స్వెట్టర్ మీద ఎంత మిగిలిందని చూస్తూ కూర్చుంటే చేయి ఆగదు. గుడ్డను చూస్తే ఆ మందు చేయగలిగిన పని అయిపోయిందో లేదో తెలుస్తుంది.

పూర్తిగా ముంచడం

మరక పోయినచోట మాత్రమే తడిపి వదిలేస్తే ఆరిన తరువాత వలయం తేలుతుంది. అందువల్ల స్వెట్టర్ మొత్తాన్ని ఒకసారి ముంచాలి. చాలామంది భయపడేది ఈ దశకే. నిజానికి నీరు ఒక్కటే ఊలును పాడుచేయదు. తడిసిన తరువాత కదిలించే తీరు పాడుచేస్తుంది.

వెడల్పాటి టబ్బులో 8 లీటర్ల నీరు, 30 డిగ్రీలకు మించకుండా, థర్మామీటర్‌తో చూసి పోశాను. మణికట్టుకు చల్లగానూ వేడిగానూ అనిపించని నీరు అని ఇళ్ళలో అనుకోవచ్చు. ఊలు బట్టలకోసమే అమ్మే తటస్థ ద్రవ డిటర్జెంట్ రెండు చిన్న చెంచాలు ముందుగా నీటిలో కలిపి, నురుగు అణిగాక స్వెట్టర్‌ను తిరగదీసి పైన పరిచాను. దానంతట అది నీరు తాగి మునిగేవరకు అరచేతులతో నెమ్మదిగా అదిమి, తరువాత ఐదు నిమిషాలు కదిలించకుండా వదిలాను. కుళాయి నీటిధారను నేరుగా ఊలుమీద పడనివ్వకూడదు. ఆ ధార తగిలే చోటే నూగు లేస్తుంది.

బయటికి తీసేటప్పుడు భుజాలు పట్టుకుని ఎత్తితే నీటి బరువంతా కిందికి లాగి స్వెట్టర్ జారిపోతుంది. తడి ఉన్ని పొడి ఉన్నికంటే బలహీనం, పైగా ఎక్కువగా సాగుతుంది. అందుకని రెండు చేతులూ కిందనుంచి పెట్టి ముద్దగా ఎత్తి, జల్లెడ బుట్టలో నీరు ఓడనిచ్చి, అదే వేడి ఉన్న నీటిలో రెండుసార్లు జాడించాను. చివరి నీటిలో చిన్న చెంచా వెనిగర్ కలిపాను. కొద్దిపాటి ఆమ్లంలో ఉన్ని స్థిరంగా ఉంటుంది, పొలుసులు వాలి ఉంటాయి, మిగిలిన డిటర్జెంట్ కూడా సులభంగా వదులుతుంది. తడిగా ఉండగానే నూగు లేచిన చోట కుట్లను వేలికొసలతో అడ్డంగా, నిలువుగా మెల్లగా తెరిచాను. అట్ట పూర్తిగా కట్టి ఉంటే ఇది వృథా శ్రమ. ఇక్కడ కుట్ల గీత కొంతవరకు తిరిగి కనిపించింది.

మిగిలిన ఛాయ

ఇంత చేసినా లేత పసుపు నీడ మిగిలింది. ఇది ఊహించినదే. పసుపు ఉన్నికి మరక మాత్రమే కాదు, రంగు కూడా. పూర్వం ఉన్నికీ పట్టుకూ పసుపుతోనే రంగు అద్దేవారు. పోగు లోపలికి చేరి ప్రోటీన్‌ను పట్టుకున్న భాగాన్ని కరిగించి తీయలేము, అక్కడే వెలిసిపోయేలా చేయాలి.

దానికి నేను హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాను. మందుల దుకాణంలో సాధారణంగా దొరికేది 6 శాతం ద్రావణం. సమానంగా నీరు కలిపి 3 శాతం చేసి, తడిగా ఉన్న మచ్చమీద మాత్రమే డ్రాపర్‌తో వేసి, పదిహేను నిమిషాలకు చల్లటి నీటితో కడిగి, పరీక్షించి, మరోసారి వేశాను. ఈ దశలో అమ్మోనియా కలిపితే త్వరగా తెల్లబడుతుందని చెప్పేవారున్నారు. ఊలుకు అది నష్టం, పసుపు ఉన్నచోట మళ్ళీ ఎరుపు. ఇత్తడి, ఇనుప గుండీలు, జిప్పులు ఉన్న బట్టల మీద లోహం దగ్గర పెరాక్సైడ్ వాడితే అక్కడ పోగులు చిల్లులు పడేంతగా దెబ్బతింటాయి. రంగు ఊలుమీదనైతే దీన్ని వాడనే వాడను.

రెండవసారి తరువాత నీడ గదిలో కనిపించలేదు, కిటికీ దగ్గర పక్కవాటుగా చూస్తే సన్నగా తెలిసింది. అక్కడ ఆపాను. మూడవసారి వేసి ఉంటే అది కూడా పోయేది. కానీ ఈ స్వెట్టర్ తెలుపు కాదు, మీగడ రంగు. పెరాక్సైడ్ పసుపునే కాక ఊలు సహజ రంగును కూడా తీసేస్తుంది. అప్పుడు లేత పసుపు నీడకు బదులు అరచేయంత తెల్ల మచ్చ మిగులుతుంది, దానికి ఇక మందు ఉండదు.

ఎండ విషయం కూడా చెప్పాలి. నూలు బట్టమీది పసుపు మరకను కడిగి ఎండలో వేస్తే పోతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. కర్కుమిన్ వెలుగుకు నిలవదు గనుక అది నిజమే. ఊలుకు మాత్రం ఒక చిక్కుంది. తడి ఊలు ఎండలో తానే పసుపుగా మారుతుంది, పెరాక్సైడ్ పెట్టిన ఊలు ఇంకా తొందరగా మారుతుంది. కనుక ఊలుకు ఎండ వాడాలంటే పూర్తిగా ఆరిన తరువాత, మచ్చ మినహా మిగతా భాగమంతా గుడ్డతో కప్పి, ఉదయపు ఎండలో కాసేపు మాత్రమే ఉంచాలి.

ఆరబెట్టడం

తడి స్వెట్టర్‌ను పెద్ద తువ్వాలు మీద పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, చుట్టను చేతులతో అదిమితే నీరు తువ్వాలులోకి పోతుంది. మెలిపెట్టి పిండకూడదు. రెండవ పొడి తువ్వాలుతో మళ్ళీ చేస్తే ఆరే సమయం బాగా తగ్గుతుంది. హ్యాంగర్‌కు తగిలించినా, తీగమీద వేలాడదీసినా ఇంతసేపు చేసిన జాగ్రత్త అంతా వృథా అవుతుంది.

ముందు గీసుకున్న ఖాకీ కాగితం మీద పలచని ప్లాస్టిక్ షీటు వేసి, ఆ గీతకు సరిపోయేలా స్వెట్టర్‌ను అరచేతులతో తట్టి సర్దాను. పొడవు ఒక సెంటీమీటరు పెరిగి ఉంది. కింది అంచును పైకి, పక్కలను వెలుపలికి నెడితే సరిపోయింది. తడిసినప్పుడు ఇంత మార్పు మామూలే. ఇది సాగడమే గానీ పాడవడం కాదు, తడిగా ఉండగా సరిదిద్దవచ్చు. నడుము దగ్గర, ముంజేతుల దగ్గర ఉన్న రిబ్ అల్లికను మాత్రం వెడల్పు చేయకుండా దగ్గరకు నొక్కి ఉంచాలి. అది పరుచుకుని ఆరితే బిగువు తిరిగి రాదు. ఆకారం కుదిరిన తరువాత కాగితాన్ని తీసేసి, కిందినుంచి కూడా గాలి ఆడేలా నులక మంచంమీద పలచని దుప్పటి వేసి, దానిపై నీడలో ఫ్యాను కింద ఉంచాను. పైభాగం ఆరాక ఒకసారి తిప్పాను. హైదరాబాద్ చలికాలపు పొడి గాలికి మరుసటి రోజు మధ్యాహ్నానికి ఆరింది. వైజాగ్‌లోనో మచిలీపట్నంలోనో అయితే సముద్రపు తేమకు ఇంకొక రోజు పడుతుంది. ముక్కిన వాసన రాకుండా అక్కడ ఫ్యాను తప్పనిసరి.

ఆరిన తరువాత కొలిస్తే చంక కింద 48, పొడవు 62, చేయి 46.5 సెంటీమీటర్లు వచ్చాయి. బ్రష్ తగిలిన చోట మాత్రం చేత్తో తడిమితే చుట్టూ ఉన్న అల్లికకంటే కొంచెం దట్టంగా తెలుస్తుంది. ఇస్త్రీపెట్టెను తాకించకుండా రెండు అంగుళాల ఎత్తులో ఉంచి ఆవిరి పట్టాను. అల్లిక తేరుకుంది గానీ ఆ దట్టం అలాగే ఉంది, అది పోదు. ఆవిడకు ఆ చోటు చూపించి, కిటికీ దగ్గర కనిపించే సన్నని పసుపు నీడను కూడా చూపించాను. మళ్ళీ ఒకసారి మందు పెట్టమంటారేమోనని కారణం చెప్పబోతే, ఆవిడే "వద్దులెండి, తెల్లమచ్చ పడితే ఇంకా బాధ" అన్నారు. వేసుకుని వెలుగులో తిరుగుతుంటే ఆ నీడ ఇంకా పలచబడుతుందనీ, ఈలోగా దానిమీద సబ్బుబిళ్ళ తగలనివ్వవద్దనీ బిల్లు వెనక రాసి ఇచ్చాను.